అరుపుల ఆట

ఐదేళ్ల జాక్‌కు ఒక ఆట ఉంది. వాళ్లమ్మా వాడూ బల్ల ఎక్కి, పైకప్పులోని అద్దం కిటికీ వైపు మొహాలెత్తి గొంతు చించుకుని అరుస్తారు. ఆ తర్వాత గప్‌చుప్‌గా నిలబడి చెవులు రిక్కించి వింటారు. శని, ఆదివారాల్లో మాత్రం ఈ ఆట ఉండదు.

జాక్‌కు అది వట్టి ఆటే. చదివే మనకు మాత్రం గుండె జారిపోతుంది. ఆమె సాయం కోసం అరుస్తోంది. ఆ రెండు రోజులూ ఎందుకు ఆడరంటే, బంధించినవాడు ఆ దగ్గర్లోనే ఉంటాడు కాబోలు అని మనకు మనమే ఊహించుకుంటాం.

ఎమ్మా డోనహ్యూ 2010లో రాసిన ‘రూమ్’ నవల మొత్తం జాక్ చెప్పినదే. పంతొమ్మిదేళ్లప్పుడు ఎత్తుకెళ్లిన అమ్మాయిని ఒకడు షెడ్డులో ఏడేళ్లుగా బంధించాడు. జాక్ పుట్టింది అక్కడే. ఈ సంగతి రచయిత్రి మొదటే చెప్పేయదు. రాత్రి తలుపు దగ్గర బీప్ శబ్దం వస్తుంది, ఓల్డ్ నిక్ అనేవాడు లోపలికొస్తాడు. జాక్ అల్మారాలో పడుకుని మంచం కిర్రుమన్న ప్రతిసారీ లెక్కపెడతాడు. అక్కడ అత్యాచారం అన్న మాటే ఉండదు. పిల్లాడు అంకెలు చెబుతాడు, వాటి అర్థం మన తలలో తయారవుతుంది. ఎవరో చెప్పగా విన్నదానికన్నా మనమే కనిపెట్టినది ఎక్కువ బాధపెడుతుంది. ఈ రకం నవలల బలమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

ఇలాంటి కథనం చెడేది ఎక్కువగా భాష దగ్గరే. పిల్లాడి నోట పెద్దల ఆలోచన పలికిందంటే వెనక రచయిత ఉన్న సంగతి తెలిసిపోతుంది, నమ్మకం పోతుంది. జాక్‌కు వయసుకు మించిన మాటలు చాలా వచ్చు. డోనహ్యూ దానికి కారణం కథలోనే పెట్టింది. అమ్మ టీవీ శబ్దం ఆపేస్తుంది, అప్పటిదాకా విన్న మాటల్ని జాక్ చిలకలా తిరిగి చెప్పాలి. ఆ ఆటకు పేరు కూడా ‘చిలక’ అనే అర్థం వచ్చేదే. మాట పట్టుకోగలడు, దాని వెనకున్న లోకం మాత్రం తెలియదు. టీవీలో కనిపించే మనుషులూ చెట్లూ నిజం కావనే అనుకుంటాడు.

అయితే అన్నీ మనకే ఎక్కువ తెలుసని ధీమా పడటానికీ లేదు. బయటపడ్డాక జాక్ ఆ గదిపై బెంగపెట్టుకుంటాడు. మనకది జైలు. వాడికి అమ్మ క్షణం కూడా వదలకుండా తోడున్న ఇల్లు. ఈ విషయంలో వాడు పొరబడ్డాడని నేననలేను.

2015లో వచ్చిన సినిమాకు స్క్రీన్‌ప్లే డోనహ్యూదే, మంచి సినిమా కూడా. కానీ తెరమీద తల్లి మొహం నేరుగా కనిపిస్తుంది కాబట్టి మనం ఊహించాల్సింది తగ్గిపోతుంది. అందుకే ముందు నవల చదవండి. జాక్ ఏదైనా లెక్కపెడుతున్నా, ఏదో నియమం చెబుతున్నా అక్కడ కాసేపు ఆగండి.