‘ఒప్పుకుంటున్నాను’ అని రాసే ముందు

ఆఫర్ లెటర్ మెయిల్లో వచ్చేసరికి ఇంట్లో అందరి కళ్లూ ఒకే అంకె మీద పడతాయి. ఏడాదికి 4 లక్షల 20 వేలు. ‘అంటే నెలకు 35 వేలన్నమాట’ అని నాన్న అక్కడికక్కడే లెక్క కట్టేస్తాడు. అమ్మ పక్కింటివాళ్లకు చెప్పి వచ్చేస్తుంది. ఇప్పుడే బీటెక్ పూర్తిచేసిన అమ్మాయి మాత్రం ఫోన్ పట్టుకుని ఏం జవాబు రాయాలా అని కూర్చుంటుంది. మూడు రోజుల్లో అంగీకారం తెలపమని కంపెనీ అడిగింది. కాలేజీ సీనియర్‌కు ఫోన్ చేస్తే, ‘ఏముందే, థాంక్యూ చెప్పి యాక్సెప్ట్ అని కొట్టెయ్’ అన్నాడు.

కొట్టేయొచ్చు. కానీ ఆ జవాబు మర్యాద కోసం రాసే ఉత్తరం కాదు. కంపెనీ పంపింది ప్రతిపాదన, ఈ అమ్మాయి రాసేది సమ్మతి. రెండూ కలిస్తే ఒప్పందం. అది మెయిల్లో కుదిరిందన్న ఒక్క కారణంతో చెల్లకుండా పోదని ఐటీ చట్టం 10ఎ సెక్షన్ చెబుతుంది. సమ్మతి ఎలా ఉండాలో 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 7వ సెక్షన్ చెబుతుంది: షరతులేమీ లేకుండా, పూర్తిగా ఉండాలి. ‘ఒప్పుకుంటున్నాను, కానీ ఆగస్టు 1న చేరతాను’ అని రాస్తే అది ఒప్పుకోవడం కాదు, కొత్త బేరం. దానికి కంపెనీ సరేనన్నా అనొచ్చు, వద్దన్నా అనొచ్చు.

అందుకే పని రెండు మెయిళ్లలో జరగాలి. మొదటిది అడగడానికి, రెండోది ఒప్పుకోవడానికి. మూడు రోజుల గడువులో మొదటి రోజే అడిగేస్తే సరిపోతుంది.

మొదట అడగాల్సింది జీతం గురించే. నాన్న కట్టిన 35 వేలు నెలనెలా బ్యాంకులో పడవు. లెటర్ చివర అనుబంధంగా ఒక పట్టిక ఉంటుంది. చాలామంది అక్కడిదాకా వెళ్లరు. ఈ ఉదాహరణలో ఆ పట్టిక ఇలా ఉందనుకుందాం. 4,20,000లో 36,000 వేరియబుల్ పే. అది ఏడాది చివర పనితీరును బట్టి ఇచ్చేది, పూర్తిగా వస్తుందన్న హామీ లేదు. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా నెలకు 1,800 చొప్పున 21,600. గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం, అంటే 8,658. ఆరోగ్య బీమా ప్రీమియం 5,742. ఇవన్నీ తీసేస్తే మిగిలింది 3,48,000, నెలకు 29 వేలు. అందులోంచి ఉద్యోగి పీఎఫ్ వాటా ఇంకో 1,800, తెలంగాణలో వృత్తి పన్ను 200 పోతాయి. చేతికొచ్చేది 27 వేలు.

ఇది మోసమేమీ కాదు. ఉద్యోగి మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చునే సీటీసీ అంటారు. పీఎఫ్‌కు వెళ్లిన సొమ్ము ఉద్యోగి ఖాతాల్లోనే జమవుతుంది. గ్రాట్యుటీ మాత్రం సాధారణంగా ఐదేళ్లు పనిచేశాకే అందుతుంది. కాకపోతే 27 వేలన్న సంగతి హైదరాబాద్‌లో హాస్టల్ చూసుకోకముందే తెలియాలి. మొదటి జీతం పడ్డాక కాదు. ‘కోతలు పోను నెలకు ఎంత వస్తుంది? వేరియబుల్ పే ఎప్పుడు, దేన్ని బట్టి ఇస్తారు?’ అని అడిగితే హెచ్‌ఆర్‌వాళ్లు తప్పుగా అనుకోరు. ప్రతి బ్యాచ్‌లోనూ వాళ్లు వినే ప్రశ్నలే ఇవి.

రెండో చిక్కు సర్టిఫికెట్లు. లెటర్‌లో జాబితా ఉంటుంది: పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్, పాన్, ఆధార్, క్యాన్సిల్డ్ చెక్కు, ఫొటోలు. వీటిలో చేతికి ఆలస్యంగా వచ్చేది ప్రొవిజనల్. ఫలితాలు వచ్చినా, యూనివర్సిటీ నుంచి కాలేజీకి చేరేసరికి వారాలు పడుతుంది. చేరే రోజున అది లేకపోతే కొన్ని కంపెనీలు గడువిస్తాయి, కొన్ని వెనక్కి పంపుతాయి. కాబట్టి మొదటి మెయిల్లోనే అడిగి రాతలో జవాబు తెప్పించుకోవాలి.

మన తెలుగువాళ్లకు ఇంకో ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. ఆధార్‌లో అదే ఒక్క అక్షరమై కూర్చుంటుంది. పాన్‌లో చివరికి వెళ్లిపోతుంది. మనిషి ఒకరే, పేర్లు మూడు. చేరిన కొత్తలో ఎవరూ పట్టించుకోరు గానీ, పీఎఫ్ ఖాతాకు ఆధార్, పాన్ జోడించేటప్పుడు పేర్లు కలవక పని ఆగిపోతుంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకుని, తేడా ఉంటే చేరకముందే సరిచేయించుకోవడం తేలిక.

అడిగిన వాటికి హెచ్‌ఆర్ నుంచి జవాబు వచ్చింది. ప్రొవిజనల్‌కు చేరిన రోజు నుంచి 30 రోజుల గడువు, అప్పటిదాకా హామీపత్రం చాలు. ఇప్పుడు అంగీకార మెయిల్ రాయాలి. దాన్ని ఆఫర్ వచ్చిన మెయిల్‌కే రిప్లైగా పంపితే లెటరూ, ప్రశ్నలూ, జవాబులూ ఒకే వరసలో ఉంటాయి. ఆఫీసుకు వెళ్లేది ఇంగ్లిష్‌లోనే అయినా, అందులో ఉండాల్సిన విషయం ఇంతే:

“హెచ్‌ఆర్ మేనేజర్ గారికి, జూన్ 22 తేదీతో మీరు పంపిన ఆఫర్ లెటర్ అందింది. జూనియర్ ఇంజనీర్ ఉద్యోగాన్ని అందులోని నిబంధనల ప్రకారం అంగీకరిస్తున్నాను. వార్షిక సీటీసీ 4,20,000 రూపాయలు, అందులో వేరియబుల్ పే 36,000 రూపాయలని గమనించాను. జులై 13, సోమవారం ఉదయం 9.30కి మీ హైదరాబాద్ కార్యాలయంలో రిపోర్ట్ చేస్తాను. లెటర్‌లో అడిగిన పత్రాల ఒరిజినల్స్, ఒక సెట్ జిరాక్స్ కాపీలు తెస్తాను. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌ను జూన్ 23 నాటి మీ మెయిల్లో చెప్పినట్టు 30 రోజుల్లో ఇస్తాను. సంతకం చేసిన ఆఫర్ లెటర్ జతచేశాను. ఇది అందినట్టు తెలియజేయగలరు.”

కింద పూర్తి పేరు, ఫోన్ నంబరు. ఏడెనిమిది వాక్యాలే. కంపెనీ రాసిన అంకెలనూ తేదీలనూ ఇటువైపు నుంచి మళ్లీ రాయడమే ఇందులో కీలకం. ఎక్కడైనా పొరపాటు దొర్లితే చేరకముందే బయటపడుతుంది. చివరి వాక్యం కూడా ఊరికే పెట్టింది కాదు. మెయిల్ స్పామ్‌లో పడి, అభ్యర్థి జవాబివ్వలేదని కంపెనీ అనుకునే ప్రమాదం ఉంది. రెండు రోజుల్లో అందినట్టు కబురు రాకపోతే ఫోన్ చేయాలి.

ఒరిజినల్స్ విషయంలో ఒక జాగ్రత్త. చూపించి, సరిచూశాక వెనక్కి తెచ్చుకోవాలి. కంపెనీ తన దగ్గరే ఉంచుకుంటానంటే, ఎందుకో, ఎన్నాళ్లో రాతలో అడగాలి. చేరడానికి ముందు డిపాజిట్ కట్టమని, ఆఫర్ పంపిన చిరునామా కంపెనీ పేరుతో కాకుండా మామూలు జీమెయిల్ అని తేలితే, జవాబు రాయడం ఆపి కంపెనీ వెబ్‌సైట్‌లోని నంబరుకు ఫోన్ చేసి కనుక్కోవాలి.

ఇక మెయిల్ పంపే చిరునామా. ప్లేస్‌మెంట్లంతా కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీతోనే నడిచి ఉంటాయి. చదువు అయిపోయాక చాలా కాలేజీలు వాటిని మూసేస్తాయి. ఆఫర్ లెటర్, హెచ్‌ఆర్ జవాబు, అంగీకార మెయిల్, ఈ మూడింటినీ సొంత మెయిల్‌కు ఇవాళే పంపుకోండి.