గొంతు నరం కుడివైపు ఒకలా, ఎడమవైపు మరోలా ఎందుకు?

స్వరతంత్రులను కదిలించే నరం మెదడు నుంచి నేరుగా గొంతుకు రాదు. మెడలో దిగే వేగస్ నరం నుంచి చీలి, ఒక రక్తనాళం కింద మలుపు తిరిగి, మళ్లీ పైకి వస్తుంది. కుడివైపు ఆ మలుపు మెడ మొదట్లో, కుడి చేతికి రక్తం తీసుకెళ్లే సబ్‌క్లేవియన్ ధమని కిందే ఉంటుంది. ఎడమవైపు మాత్రం ఛాతీలోని బృహద్ధమని వంపు దాకా దిగుతుంది.

దీనికి కారణం పిండదశలో ఉంది. అప్పుడు గుండె మెడ దగ్గరే ఉంటుంది. దాని నుంచి రెండు పక్కలా ధమనీ వంపులు జతలుగా ఏర్పడతాయి. నరం ఆరో వంపు కింద నుంచి గొంతుకు చేరుతుంది. తర్వాత గుండె ఛాతీలోకి దిగుతూ, కొక్కేనికి తగిలిన దారంలా నరాన్ని కిందికి లాగుతుంది.

కుడివైపు ఆరో వంపు వెలుపలి భాగం అంతరించిపోతుంది. ఐదోది కూడా మిగలదు. పట్టు వదిలిన నరం పైకి జరిగి, నాలుగో వంపు దగ్గర ఆగుతుంది. ఆ వంపే సబ్‌క్లేవియన్ ధమని మొదటి భాగమవుతుంది. ఎడమవైపు ఆరో వంపు డక్టస్ ఆర్టీరియోసస్‌గా నిలిచి, పుట్టాక మూసుకుపోయి తాడులాంటి బంధనంగా మిగులుతుంది. నరం అక్కడే చిక్కుకుంటుంది.

అరుదుగా కుడి నాలుగో వంపు కూడా అంతరిస్తుంది. అప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేక నరం నేరుగా గొంతుకు వెళ్తుంది. థైరాయిడ్ శస్త్రచికిత్సలో దాన్ని మామూలు చోట వెతికితే తెగిపోయే ప్రమాదముంది. ఇక ఎడమ నరం ఛాతీలోకి దిగుతుంది కాబట్టి ఊపిరితిత్తి కణితి కూడా దాన్ని నొక్కగలదు. మూడు వారాలు దాటినా గొంతు బొంగురు తగ్గకపోతే చెవి ముక్కు గొంతు వైద్యుణ్ణి కలవండి.