చీరల పక్కన జాకెట్లు: రెండో సరుకు నాకు నేర్పిన లెక్క

మా వారు మన బ్యాంకులో అధికారి. నేను గుంటూరులో మా ఇంట్లోనే మంగళగిరి చేనేత చీరలు అమ్ముతాను. మొదలుపెట్టి ఏడేళ్లయింది. ముందు గదిలో రెండు బీరువాలు, ఒక వాట్సాప్ గ్రూపు, తెలిసిన వాళ్లు పంపే తెలిసిన వాళ్లు, ఇదే నా దుకాణం. నెలకు సుమారు పాతిక చీరలు పోతాయి. నాకు సగటున 1,500కి పడిన చీర 1,900కి ఇస్తాను. అంటే చీరకు 400, నెలకు పదివేలు మిగులుతుంది.

చీర చూసిన ప్రతి ఇద్దరిలో ఒకరు, "దీని మీదికి కలంకారీ జాకెట్టు కూడా మీ దగ్గరే ఉంటే బాగుండేదండీ" అనేవారు. ఆ మాట రెండేళ్లు విన్నాను. మూడో ఏడు జాకెట్లు తెచ్చాను. మొదటిసారి చేతులు కాలాయి, రెండోసారి కుదిరింది. మన కుటుంబాల్లో ఇంటి నుంచి చిన్న వ్యాపారం చేస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఇప్పుడున్న సరుకు పక్కన మరొకటి పెట్టాలనుకునేవారికి పనికొస్తుందని రెండు అనుభవాలూ లెక్కలతో సహా రాస్తున్నాను.

42,000 ఎక్కడికి పోయింది?

ఒక జ్యేష్ఠమాసంలో హోల్‌సేల్ దుకాణానికి వెళ్లి రెడీమేడ్ జాకెట్లు తెచ్చాను. ఎనిమిది రంగులు నచ్చాయి. సైజులు 34 నుంచి 42 వరకు ఐదు. ఒక్కో రంగులో ఒక్కో సైజుకు మూడేసి తీసుకుంటేనే ఆ ధర అన్నారు. మూడంటే ఎంతలే అనుకున్నాను. ఎనిమిదిని ఐదుతో, దాన్ని మూడుతో హెచ్చవేస్తే 120 జాకెట్లు. ఒక్కోటి 350 చొప్పున 42,000 అయింది. చీరల కోసం దాచిన డబ్బులోంచే ఇచ్చాను.

నేను గమనించని సంగతి ఏమిటంటే, చీరకు సైజు లేదు. ఆకుపచ్చ చీర ఒకటి బీరువాలో ఉంటే ఎవరొచ్చినా దాన్ని కొనగలరు. జాకెట్టు అలా కాదు. ఆకుపచ్చ జాకెట్టు ఉన్నా అది 38 కావాలి, అడిగిన మనిషి 38 అయి ఉండాలి. రంగు పెరిగితే ఒక వస్తువు పెరిగిందనుకుంటాం. నిజానికి ఐదు పెరుగుతాయి.

మూడు నెలల్లో 71 జాకెట్లు పోయాయి. 450 చొప్పున 31,950 వచ్చింది. అమ్మినదాని మీద 7,100 లాభం అని పుస్తకంలో రాసుకుని సంతోషించాను. మా వారు ఆ పేజీ చూసి, "పెట్టింది 42,000, వచ్చింది 31,950. ఇంకా పదివేల యాభై రావాలి. లాభం పుస్తకంలో ఉంది, డబ్బు బీరువాలో ఉంది" అన్నారు.

బీరువా తీసి లెక్కపెడితే 49 మిగిలాయి. వాటిలో 34 సైజువి 20, 42 సైజువి 17. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమందికి కావలసిన 38లో రెండే ఉన్నాయి, అవీ ఎవరూ అడగని రంగు. వచ్చినవాళ్లకు, "మీ సైజు అయిపోయిందండీ" అని చెబుతున్నాను, బీరువా మాత్రం నిండుగా ఉంది.

అసలు దెబ్బ చీరల దగ్గర తగిలింది. వరలక్ష్మీ వ్రతం ముందు నాకు ఏటా గిరాకీ ఎక్కువ. శ్రావణం వచ్చేసరికి జాకెట్లలో పెట్టిన డబ్బులో సగం, సుమారు 21,000, ఇంకా తిరిగి రాలేదు. దాంతో 14 చీరలు తక్కువ తెచ్చాను. అవి ఉంటే ఆ నెలలో పోయేవే. చీరకు 400 చొప్పున 5,600 పోయినట్టు. జాకెట్ల మీద మూడు నెలల్లో వచ్చిన లాభంలో చాలా భాగం దీనితోనే సరిపోయింది. మిగిలిన జాకెట్లను చివరికి కొన్న ధరకంటే తక్కువకే ఇచ్చేశాను.

కొనేవాళ్ల తికమక

డబ్బు సంగతి లెక్కలో తెలిసింది. రెండో నష్టం ఆలస్యంగా తెలిసింది. గ్రూపులో చీర మీద జాకెట్టు పెట్టి ఫొటో తీసి, కింద 1,900 అని రాసేదాన్ని. అందంగా ఉండేది. ఇద్దరు ముగ్గురు రెండూ కలిపి అదే ధర అనుకుని వచ్చారు. మంగళగిరి చీరకు మామూలుగా జాకెట్టు ముక్క కలిసే వస్తుంది కాబట్టి, కుట్టిన జాకెట్టు కూడా కలిసే వస్తుందనుకోవడంలో వాళ్ల తప్పేం లేదు.

ఇంకో మాట మొదటి నుంచీ నా దగ్గర కొంటున్న ఒక టీచరుగారు అన్నారు. జాకెట్టు తిరగేసి చూసి, "ఇది అచ్చు కలంకారీ కాదు కదమ్మా, స్క్రీన్ ప్రింటు. మరి చీరలు మగ్గం మీదవేనా?" అని అడిగారు.

ఆమె చెప్పింది నిజమే. పెడన, మచిలీపట్నం వైపు చెక్క అచ్చులతో వేసిన గుడ్డలో ఒక అచ్చు పక్కన ఇంకో అచ్చు పడేచోట చిన్న తేడా, సన్నని సందు కనిపిస్తాయి. రంగు వెనక వైపుకు కూడా బాగా దిగుతుంది. స్క్రీన్ ప్రింటులో పువ్వు పువ్వుకూ తేడా ఉండదు, వెనక వైపు వెలిసినట్టుంటుంది. నేను తెచ్చినవి ఆ రకం. ధర బాగుందని తెచ్చానే గాని, నా దగ్గరికి జనం ఎందుకు వస్తున్నారో మరిచిపోయాను. వాళ్లు చేతి పని కోసం వస్తున్నారు. దాని పక్కన వేరే రకం సరుకు పెడితే కొత్త సరుకు గురించి కాక పాత సరుకు గురించే అనుమానం వస్తుంది.

రెండోసారి ఏం మార్చాను

మళ్లీ మొదలుపెట్టే ముందు మా వారు ఒక మాట చెప్పారు. క్యాష్ క్రెడిట్ ఇచ్చేటప్పుడు బ్యాంకు సరుకు విలువంతటికీ అప్పు ఇవ్వదు. కొంత మార్జిన్ తీసేస్తుంది. చాలాకాలంగా కదలని సరుకునైతే లెక్కలోకే తీసుకోకపోవచ్చు. "నువ్వూ అలాగే చూడు. కదలని జాకెట్టు విలువ సున్నా అనుకుని, ఎంత పోయినా పరవాలేదో ముందే తేల్చుకో" అన్నారు. నా ఒక నెల మిగులు పదివేలు. అదే హద్దు పెట్టుకున్నాను. మొత్తం పోయినా ఒక నెల పని పోతుంది, చీరల డబ్బు జోలికి వెళ్లదు.

తరువాత సైజు సమస్య. కుట్టిన జాకెట్టుకు సైజు ఉంటుంది, గుడ్డకు ఉండదు. అందుకని ఈసారి గుడ్డే తెచ్చాను. అచ్చు కలంకారీ నూలు గుడ్డ, ఐదు డిజైన్లు, ఒక్కోటి ఎనిమిది మీటర్లు. మీటరు 190 చొప్పున 40 మీటర్లకు 7,600 అయింది. ఒంటి మీద వేసి చూసుకోవడానికి మామూలు గుడ్డతో ఒక్కో సైజుకు ఒకటి చొప్పున ఐదు మాదిరి జాకెట్లు కుట్టించాను. వాటికి 1,250. మొత్తం 8,850.

కొనేవారు మాదిరి జాకెట్టు వేసుకుని సైజు చూసుకుంటారు, గుడ్డ ఎంచుకుంటారు. చేతుల పొడవు, మెడ లోతు రాసుకుంటాను. మా వీధిలో కుట్టే ఆవిడ లైనింగుతో సహా 220 తీసుకుంటారు. జాకెట్టు ధర 560. అందులో సగం, 280, ముందే తీసుకుంటాను. ఆ 280లోంచే కుట్టుకూలి వెళ్లిపోతుంది. కాబట్టి నా డబ్బు గుడ్డ మీద తప్ప ఎక్కడా ఆగదు. కుట్టించుకోవడం ఇష్టం లేనివాళ్లకు మీటరు 260కి కోసి ఇస్తాను.

రెండు నెలల్లో 31 మీటర్లు పోయాయి. 12 ముక్కలుగా, 19 జాకెట్లుగా. ముక్కలకు 3,120, కుట్టుకూలి పోగా జాకెట్లకు 6,460, కలిపి 9,580 వచ్చింది. పెట్టిన 8,850 తిరిగి రావడమే కాక, ఇంకా 9 మీటర్లు చేతిలో ఉన్నాయి. అందులో ఆరు మీటర్లు ఒకే డిజైనువి, ఎవరికీ నచ్చలేదు. కానీ ఆ పొరపాటు విలువ 1,140 మాత్రమే. పైగా గుడ్డ కాబట్టి దిండు గలీబులకైనా పనికొస్తుంది. కుట్టిన 42 సైజు జాకెట్టుకు ఆ వీలు లేదు.

తికమక పోవడానికి పెద్దగా ఏమీ చేయలేదు. మంగళవారం చీరల ఫొటోలు, శనివారం జాకెట్టు గుడ్డల ఫొటోలు పెడతాను. రెండూ ఒకే ఫొటోలో ఉంటే రెండు ధరలూ విడివిడిగా రాస్తాను. చీర దగ్గర "జాకెట్టు ముక్కతో" అనీ, కలంకారీ దగ్గర "విడిగా" అనీ తప్పకుండా ఉంటుంది. నెల తరువాత ముగ్గురు పాత కస్టమర్లను, "మీ చెల్లెలికి నా గురించి చెప్పాలంటే ఏమని చెబుతారు?" అని అడిగాను. ముగ్గురూ, "మంగళగిరి చేనేత చీరలు, వాటి మీదికి జాకెట్లు కూడా కుట్టించి ఇస్తారు" అన్నారు. చీరల మాట ముందు, జాకెట్ల మాట తరువాత వచ్చింది. అది తలకిందులై ఉంటే మళ్లీ ఆలోచించాల్సి వచ్చేది.

ఇందులోనూ ఇబ్బందులు ఉన్నాయి

రేపే పెళ్లికి కావాలి అనేవాళ్లకు నేను ఇవ్వలేను. నాకు ఐదు రోజులు కావాలి, పెళ్లిళ్ల రోజుల్లో పది. అలా వెళ్లిపోయేవాళ్లను వెళ్లనిస్తాను. వాళ్ల కోసం మళ్లీ ఐదు సైజులు కుట్టించి పెట్టుకుంటే మొదటికొస్తాను. కొలిచి కుట్టింది వెనక్కి తీసుకోనని అడ్వాన్సు తీసుకునే ముందే చెబుతాను. నూలు గుడ్డ కొద్దిగా కుదించుకుపోతుంది, కలంకారీ మొదటి ఉతుకులో రంగు వదలొచ్చు. అందుకే కుట్టే ముందు గుడ్డను నీళ్లలో నానబెట్టి ఆరబెడతాం. మొదట్లో ఇది చేయక రెండు జాకెట్లు బిగుతయ్యాయి. వాటిని నా ఖర్చుతోనే మళ్లీ కుట్టించి ఇచ్చాను.

ఇప్పుడు ప్రతి గుడ్డకు కొన్న నెల రాసిన చీటీ కడతాను. ఒకటో తారీఖున బీరువా తీసి చూస్తాను. మూడు నెలలు దాటిన చీటీ కనిపిస్తే ఆ డిజైను మళ్లీ తేను, ఉన్నది ధర తగ్గించి వదిలించుకుంటాను. కొత్త గుడ్డ కొనాలంటే జాకెట్ల డబ్బాలో ఉన్న డబ్బుతోనే కొంటాను. డబ్బా ఖాళీగా ఉంటే ఆ నెల కొత్త డిజైను లేదు. కిందటి శ్రావణంలో చీరల డబ్బు పూర్తిగా చీరలకే పోయింది. ఒక్క చీర కూడా తక్కువ తేలేదు.