కళేబరం వద్ద రాబందు, డేగ, గద్ద: ఛాయాచిత్రాల ఆధారంగా గుర్తింపు

తెలుగు వాడుకలో ‘గద్ద’ అనే మాట పరిధి విశాలమైనది. ఊరి చెరువు మీద తిరిగే పక్షినీ, అడవి కొండ మీది పెద్ద డేగనూ, ఒక్కొక్కచోట రాబందునూ జనం ఆ పేరుతోనే పిలుస్తారు. వాడుకలో ఇది దోషం కాదు. అయితే కళేబరం వద్ద తీసిన ఛాయాచిత్రాన్ని పరిశోధనకు ఆధారంగా స్వీకరించినప్పుడు ఈ అస్పష్టత చిక్కు తెచ్చిపెడుతుంది. పశువైద్యంలో డైక్లోఫినాక్ వాడకాన్ని భారత ప్రభుత్వం 2006లో నిషేధించింది. ఆ మందు కారణంగా రాబందులు కొద్ది సంఖ్యలోనే మిగిలిన ప్రాంతాలలో, ఒక్క డేగను రాబందుగా నమోదు చేసినా లేని పక్షి ఉన్నట్లవుతుంది. ఈ వ్యాసంలో ‘డేగ’ అనే మాటను ఈగిల్ జాతులకు, ‘గద్ద’ను కైట్ జాతులకు పరిమితం చేయడమైనది.

ఈ మూడు వర్గాలూ ఒకే చోట కనిపించే ప్రదేశం రాజస్థాన్‌లోని బికనేర్ సమీపాన ఉన్న జోడ్‌బీడ్. చనిపోయిన పశువులను, ఒంటెలను అక్కడ పడవేస్తారు. శీతకాలంలో గ్రిఫన్ రాబందులు, నల్ల రాబందులు, స్టెప్పీ డేగలు వలస వచ్చి అక్కడ చేరుతాయి. తెల్ల రాబందులు, నల్ల గద్దలు కూడా వాటి మధ్యనే ఉంటాయి.

మొదట చూడవలసినది తల. గ్రిఫన్ వంటి రాబందుల తల, మెడ మీద ఈకలు ఉండవు. పలుచని నూగు మాత్రమే ఉంటుంది. పొడవైన ఆ మెడ అడుగున ఈకల పట్టీ ఒక కాలరులా చుట్టుకొని ఉంటుంది. డేగ, గద్దల తల నిండుగా ఈకలతో కప్పబడి, మెడ పొట్టిగా భుజాలలో కలిసిపోతుంది. స్టెప్పీ డేగకు మరొక స్పష్టమైన గుర్తు ఉంది. నోటి మూలనుండి సాగే పసుపుపచ్చ గీత దాదాపు కంటి వెనుక అంచు వరకు వస్తుంది. చిత్రం కొంత మసకగా ఉన్నప్పటికీ ఈ గీత తరచుగా నిలిచి కనిపిస్తుంది.

చిక్కు ఎక్కువగా మెడ దగ్గరే వస్తుంది. కడుపు నిండిన రాబందు మెడను పట్టీలోకి ముడుచుకొని కూర్చుంటుంది. అప్పుడు దాని పొడవైన మెడ చిత్రంలో ఉండదు. దూరం నుండి అది గోధుమరంగు డేగలాగే కనిపిస్తుంది. కాబట్టి ‘మెడ పొట్టిగా ఉంది’ అన్న ఒక్క పరిశీలనతో డేగ అని నిర్ణయించడం పొరపాటు. పట్టీ కోసం, నూగు తల కోసం వెదకాలి. ఒకే పక్షి వరుస చిత్రాలు ఉంటే, అది మెడ చాచిన చిత్రం దొరికే వరకు నిర్ణయాన్ని వాయిదా వేయడం మేలు. నల్ల రాబందు ఇంకా కష్టం. దాని తల మీద, ముఖ్యంగా వయసు తక్కువైనప్పుడు, నల్లని దట్టమైన నూగు ఉండి ఈకలన్న భ్రమ కలిగిస్తుంది. అక్కడ ముక్కు సహాయపడుతుంది: ముక్కు చాలా బరువైనది, దాని మొదట్లోని చర్మం డేగకు ఉన్నట్లు పసుపుపచ్చగా ఉండదు, నోటి పక్కన పచ్చ గీతా ఉండదు.

తోక గాలిలో ఉన్న పక్షులకు ఎక్కువగా పనికివస్తుంది. గ్రిఫన్ తోక వెడల్పైన రెక్కలతో పోల్చితే చాలా పొట్టి. డేగ తోక అంతకన్న పొడవు, చివర గుండ్రన. నల్ల గద్ద తోక పొడవుగా, చివర లోతులేని చీలికతో ఉంటుంది. అయితే గద్ద దిగేటప్పుడు తోకను విసనకర్రలా విప్పితే ఆ చీలిక మాయమై అంచు సరళరేఖ అవుతుంది. ఈకలు రాలే కాలంలోనూ చీలిక సరిగా కనిపించదు. తోక మూలలు కోసుగా ఉండడం అప్పుడు గమనించదగినది.

ఒక చిత్రాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఒంటె కళేబరంలోకి తల దూర్చిన పక్షికి వీపు, తోక మాత్రమే కనిపిస్తున్నాయి; తోక పొట్టి, రెక్కల మధ్య తెల్లని పట్టీ అంచు తొంగిచూస్తున్నది. అది పెరిగిన గ్రిఫన్. పక్క దిబ్బ మీద ముడుచుకొని కూర్చున్న గోధుమరంగు పక్షికి తల నిండా ఈకలు, కంటి కింద పచ్చ గీత ఉన్నాయి. అది స్టెప్పీ డేగ. అంచున ఒంటరిగా నిలిచిన చిన్న ముదురు గోధుమరంగు పక్షిని గద్దగా నమోదు చేసే ప్రమాదం ఎక్కువ. దాని ముక్కు సన్నగా, పొడవుగా ఉంది. ముఖం మాత్రం ఈకలు లేక బూడిదరంగులో ఉంది, మెడ మీద ఈకలున్నాయి. అది తెల్ల రాబందు పిల్ల. ‘రాబందు మెడ బోడిగా ఉండాలి’ అన్న సూత్రం ఇక్కడ పనిచేయదు. ఎగిరితే దాని తోక చివర చీలికకు బదులు మధ్యలో కొనతేలి, మేకు ఆకారంలో కనిపిస్తుంది.

రాత్రి పరారుణ కెమెరా చిత్రాలలో పసుపు, ఎరుపు రంగులు ఉండవు గనుక పచ్చ గీత మీద ఆధారపడకూడదు. రక్తం అంటిన డేగ తల కూడా ఈకలు అణిగి బోడిగా తోచవచ్చు. ఇటువంటి సందర్భాలలో ‘గుర్తించని పెద్ద వేటపక్షి’ అని రాయడమే శాస్త్రీయం. రాజస్థాన్‌లో చనిపోయిన స్టెప్పీ డేగలలోనూ డైక్లోఫినాక్ అవశేషాలు కనిపించినట్లు 2014లో వెల్లడైంది; డేగను రాబందుల లెక్కలో కలిపివేస్తే, ఆ మందు ఏయే జాతులకు చేరుతున్నదో చెప్పగల ఆధారమే పోతుంది.