ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడుగుతారా?’ అంటే...

మస్కట్‌లోని అల్ మవాలే వంటి చోట్ల స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు కొందరు ఇంజినీరింగ్ కోసం హైదరాబాద్‌కో విజయవాడకో వెళ్తారు. వేసవి సెలవులకు ఇంటికొచ్చి ఇక్కడే ఇంటర్న్‌షిప్ వెతుక్కుంటారు. చేతిలో ఉండేది ఐదారు వారాలే. ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడుగుతారా?’ అన్నప్పుడు ‘ఏమీ లేదు సార్’ అని లేచి వచ్చేస్తే, ఆ వారాలు ఎలా గడుస్తాయో తెలుసుకోకుండానే ఒప్పుకున్నట్టు.

మంచి ప్రశ్న అప్పటిదాకా జరిగిన మాటల్లోంచే పుడుతుంది. ఒక గోదాము కంపెనీలో ఇంటర్వ్యూ అనుకుందాం. ‘మా స్టాకు లెక్కకీ కంప్యూటర్ లెక్కకీ తేడా వస్తోంది’ అని మేనేజర్ మధ్యలో అన్నారు. చివర్లో అమ్మాయి ఇలా అడగొచ్చు: ‘ఆ తేడా ఎక్కడ మొదలవుతోందో కనుక్కునే పని నాకు ఇస్తారా, లేక రిపోర్టు తయారుచేయడం వరకేనా సార్?’ ఆమె శ్రద్ధగా విన్నదని ఆయనకు తెలుస్తుంది. తనకు దక్కబోయే పనేమిటో ఆమెకూ తెలుస్తుంది.

రెండో ప్రశ్న: ‘నా పని ఎవరు చూస్తారు? వారానికి ఎన్నిసార్లు?’ ఒక మనిషినీ, ఒక రోజునూ చెబితే ఏర్పాటు ఉన్నట్టే. ‘అందరూ చూస్తార్లే’ అంటే చూసేవాళ్లు ఎవరూ లేరేమోనని అనుమానించాలి. అప్పుడు ‘పోయినసారి వచ్చిన ఇంటర్న్ ఏం చేశారు? అది ఇప్పుడు వాడుతున్నారా?’ అని మెల్లగా అడగండి. చేసిన పని ఒక్కటైనా గుర్తుచేసుకోలేకపోతే, మీకూ అదే జరగవచ్చు.

సివిల్ విద్యార్థులైతే సైట్ వేళలు అడగాలి. ఒమన్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 దాకా ఆరుబయట పని నిషేధం. అందుకే ‘సైట్‌కి వారానికి ఎన్ని రోజులు? ఎన్ని గంటలకు రావాలి?’ అన్నది అవసరమైన ప్రశ్నే. రోజంతా ఆఫీసులో డ్రాయింగులే అయితే ఆ సంగతి ముందే తెలియాలి.

కంపెనీ వెబ్‌సైట్‌లో కనిపించే విషయాలు అడిగితే చదవకుండా వచ్చారని తేలిపోతుంది. స్టయిపెండ్, ఫ్యామిలీ వీసా మీద ఉన్నవారికి కావలసిన అనుమతి, కాలేజీ అడిగే సర్టిఫికెట్, గైడ్ సంతకం వంటివి హెచ్ఆర్ వారిని అడగాలి. అనుమతి సంగతి మాత్రం చేరే ముందే తేల్చుకోవాలి.

ఐదు నిమిషాల్లో రెండు మూడు ప్రశ్నలకు మించి పట్టవు. ఐదు రాసుకుని వెళ్లండి. ఇంటర్వ్యూలో జవాబు దొరికినవి కొట్టేయండి. చివరిది ఎప్పుడూ ఒకటే: ‘మీ నిర్ణయం ఎప్పటిలోగా తెలుస్తుంది సార్?’ ఆ తేదీ తెలిస్తే మరో కంపెనీకి ఏం చెప్పాలో కూడా తెలుస్తుంది.