తిరిగొస్తున్నానని రాసే మెయిల్

గుంటూరుకు చెందిన ఒక నర్సు ఇంగ్లండ్‌లోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడేళ్లు పనిచేసి ఇంటికి వచ్చేయాలనుకున్నారు. విజయవాడలోని ఆసుపత్రులకు పంపబోయే మెయిల్ ముందు నాకు చూపించారు. ఇంగ్లీషులో రాసిన దాని సారాంశం ఇదీ: ‘ఎన్‌హెచ్‌ఎస్‌లో బ్యాండ్ 6 సిస్టర్‌గా చేశాను. కుటుంబ కారణాల వల్ల తిరిగి వస్తున్నాను.’

రెండూ నిజాలే. అయినా చదివే హెచ్‌ఆర్ మేనేజర్‌కు రెండు అనుమానాలు మిగులుతాయి. ఈమె ఆర్నెల్లకు మళ్లీ విమానం ఎక్కదు కదా? అక్కడి పని ఇక్కడ పనికొస్తుందా?

మొదటి అనుమానాన్ని ‘కుటుంబ కారణాలు’ అన్న మాట తీర్చదు, పెంచుతుంది. ఆమె దాన్ని ఇలా మార్చారు: ‘అమ్మానాన్నల దగ్గర ఉండాలని నేనూ, నా భర్తా గుంటూరుకు మారుతున్నాం. పాపకు ఇక్కడి స్కూల్లో సీటు తీసుకున్నాం. జూన్ 20 తర్వాత ఏ రోజైనా చేరగలను.’ నాన్నగారి జబ్బు గురించి రాద్దామనుకుని మానేశారు. మంచి పనే చేశారు. అది ఇంటి విషయం. ఉద్యోగం ఇచ్చేవారికి కావలసింది తేదీ, స్థిరపడుతున్నారన్న ఆనవాలు.

రెండోది కష్టం. బ్యాండ్ 6 అనేది అక్కడి జీతాల మెట్టు. కొత్తగా చేరే నర్సు బ్యాండ్ 5లో ఉంటుంది. ఇక్కడ చదివేవారికి ఆ అంకె ఏమీ చెప్పదు. అలాగని ‘నర్సింగ్ సూపరింటెండెంట్ స్థాయి’ అని రాస్తే ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలకే తేలిపోతుంది. అందుకే హోదా వదిలి పని రాయమన్నాను: ‘28 పడకల మెడికల్ వార్డుకు షిఫ్ట్ ఇన్‌చార్జిని.’

ఆమె ‘న్యూస్2 వాడాను’ అని కూడా రాశారు. అది అక్కడి వార్డుల్లో రోజూ వినిపించే మాట. శ్వాస, ఆక్సిజన్, బీపీ, నాడి, స్పృహ, జ్వరం చూసి, ఆక్సిజన్ పెట్టారా లేదా అన్నదీ కలిపి వేసే మార్కులవి. మొత్తం 5కు చేరితే డాక్టరుకు వెంటనే కబురు, గంటకోసారైనా పరీక్ష. 7కు చేరితే అత్యవసరం. మెయిల్లో దాన్ని ఇలా విప్పారు: ‘రోగి పరిస్థితి దిగజారడం ముందే పసిగట్టే స్కోరు పద్ధతిని కొత్త నర్సులకు నేర్పాను.’ ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కోసం తనిఖీలకు సిద్ధమయ్యే ఆసుపత్రిలో ఈ వాక్యం దగ్గర కళ్లు ఆగుతాయి.

మరో రెండు వాక్యాలు నేనే పట్టుబట్టి పెట్టించాను. బ్రిటన్ రిజిస్ట్రేషన్ ఇక్కడ చెల్లదు కాబట్టి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో రెన్యూవల్‌కు దరఖాస్తు పెట్టానన్న మాట ఒకటి. ఏడేళ్లుగా ఇక్కడి వార్డులకు దూరంగా ఉన్నాను, మంచం పక్కనే అటెండర్లుండే పద్ధతికి మళ్లీ అలవాటు పడటానికి రెండు వారాలు సీనియర్ నర్సు పక్కన పనిచేస్తాను అన్నది ఇంకొకటి. ఆమె మొదట వెనకాడారు, తక్కువ చేసుకున్నట్టు ఉంటుందేమోనని. కానీ ఇంటర్వ్యూకు పిలిచిన సూపరింటెండెంట్ మొదట అడిగింది ఆ రెండు వారాల గురించే.