బ్రాండ్‌హోక్ గుడారాల్లో ఒక నర్సు డైరీ

1917 జులై 31, తెల్లవారుజామున 3.50. బెల్జియంలోని ఈప్ర్ పట్టణం ముందు బ్రిటిష్ ఫిరంగులన్నీ ఒక్కసారిగా పేలాయి. తర్వాత పాషన్‌డేల్ అనే పేరుతో జనం గుర్తుపెట్టుకున్న యుద్ధం అలా మొదలైంది. ఈప్ర్‌కి పడమరగా ఆరేడు కిలోమీటర్ల దూరంలో బ్రాండ్‌హోక్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి పొలాల్లో వేసిన గుడారాల ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్ద కేట్ లూయార్డ్. ఆ ఉదయమే ఆమె కలం పట్టింది. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో ఒక పాస్టరుగారి కూతురామె, పదముగ్గురు పిల్లల్లో ఒకరు. బోయర్ యుద్ధంలోనూ నర్సుగా పనిచేసింది. రోజూ జరిగింది రాసి ఇంటికి పంపేది. అవి ఉత్తరాలే అయినా, తారీఖు వేసి రాసిన తీరు చూస్తే డైరీ అనక తప్పదు.

ఆ రోజుల రాతలో ఒకచోట ఆమె ఆసుపత్రిలో నడుస్తున్న పనంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తుంది. థియేటర్లో పన్నెండు బృందాలు అన్నానికి తప్ప ఆగడం లేదు. కట్లు కట్టే గుడిసె, ఆపరేషన్‌కి సిద్ధం చేసే వార్డు, ప్రాణం నిలబెట్టే వార్డు, థియేటర్ నుంచి వచ్చేవాళ్లతో నిండిపోయే నాలుగు పెద్ద వార్డులు, అధికారుల వార్డు, చావు దగ్గరపడ్డవాళ్ల వార్డు, జర్మన్ల వార్డు, అన్నీ ఒకేసారి నడుస్తున్నాయి. వివరణ ఏమీ ఉండదు. ఇంట్లోవాళ్లకు అప్పటికే ఇవన్నీ అలవాటై ఉంటాయి. నూరేళ్ల తర్వాత చదివే మనం మాత్రం ఒక్కో వార్డు దగ్గర కాస్త ఆగాలి.

ముందు అసలు ఈ ఆసుపత్రి యుద్ధానికి అంత దగ్గరగా ఎందుకుందో తెలియాలి. 32వ నంబరు కేజువాలిటీ క్లియరింగ్ స్టేషన్ దాని పేరు. మామూలుగా ఇలాంటివి ఇంకా వెనక, ఫిరంగి గుండు అందనంత దూరంలో ఉండేవి. దీనికి అప్పగించింది మాత్రం పొట్ట, ఛాతీ, తొడ ఎముక గాయాలు. పొట్టలో గుండు దిగితే పేగు చిల్లుపడి లోపలి మలినం పొట్టంతా పరుచుకుంటుంది, నెత్తురు లోపలే కారిపోతుంది. యుద్ధం మొదట్లో ఇలాంటివాళ్లకు కత్తి పెట్టకుండా, మార్ఫియా ఇచ్చి కదపకుండా పడుకోబెట్టేవారు. చాలామంది పోయేవారు. మొదటి కొద్ది గంటల్లోనే కోసి పేగు కుడితే కొందరైనా బతుకుతారని 1915 నుంచి సర్జన్లు చూపించారు. అందుకని రోగి ఆసుపత్రికి చేరేదాకా ఆగకుండా ఆసుపత్రినే రోగి దగ్గరకు తెచ్చారు.

ఇప్పుడు తొడలో తూటా దిగిన ఒక సైనికుణ్ని ఊహించుకుందాం. ఎముక విరిగింది. పక్కనున్న బలమైన కండరాలు విరిగిన ముక్కల్ని పైకి లాగేస్తాయి. స్ట్రెచర్ కుదిపినప్పుడల్లా ఆ మొనలు మాంసాన్ని చీలుస్తాయి. బయటికి పెద్దగా కనిపించకపోయినా తొడ లోపల లీటరుకు పైగా నెత్తురు పోగవుతుంది. అందుకే ముందు వరుసలోనే అతని కాలికి థామస్ స్ప్లింట్ వేస్తారు. గజ్జల దగ్గర ఒక కడియం, దాని నుంచి కాలికి రెండు వైపులా పొడవాటి ఇనుప చువ్వలు. బూటు విప్పరు. దానికే తాడు బిగించి, కాలిని కిందికి లాగి చువ్వల చివర కట్టేస్తారు. ఎముక కదలడం ఆగుతుంది. ఈ ఒక్క పనితో దారిలో పోయే ప్రాణాలు బాగా తగ్గాయి.

అంబులెన్సు దిగేసరికి అతను తల నుంచి కాలిదాకా బురద. ఆ మధ్యాహ్నం పట్టుకున్న వాన రోజుల తరబడి వదల్లేదు. గాయపడినవాళ్లు గుండ్లు తవ్విన గుంతల్లో, నీళ్లలో పడి ఉండేవారు. సిద్ధం చేసే వార్డులో బట్టలు కత్తిరించి, ఒళ్లు తుడిచి, మెడకు కట్టిన చీటీ చదువుతారు. ధనుర్వాతం సూది పడిందా, మార్ఫియా ఎంత ఇచ్చారు అన్నవి అందులో ఉంటాయి. నాడి సన్నగా, వేగంగా కొట్టుకుంటూ, ఒళ్లు చల్లబడి, పెదవులు పాలిపోయి ఉంటే థియేటర్‌కి పంపరు. మత్తు పెడితే బల్ల మీదే పోతాడు. అలాంటివాణ్ని ప్రాణం నిలబెట్టే వార్డుకు చేరుస్తారు. దుప్పట్లు, వేడినీళ్ల సీసాలు పెట్టి, మంచం కాలివైపు ఎత్తు చేసి, సెలైన్ ఎక్కిస్తారు. అదృష్టముంటే రక్తం కూడా. ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కించడం అప్పుడప్పుడే మొదలవుతోంది. నాడి కాస్త నిలబడితేనే తర్వాతి మజిలీ.

థియేటర్లో బృందమంటే ఒక సర్జన్, మత్తిచ్చే డాక్టరు, ఒక సిస్టర్, ఒక ఆర్డర్లీ. గాయంలో చచ్చిన మాంసమంతా కోసి పారేస్తారు, చాలాసార్లు గాయాన్ని కుట్టకుండా తెరిచే ఉంచుతారు. ఇది నిర్లక్ష్యం కాదు. తరతరాలుగా పశువుల ఎరువు వేసిన నేల అది. గాలి తగలని గాయంలో ఆ మట్టిలోని క్రిములు పెరిగి గ్యాస్ గాంగ్రీన్ తెస్తాయి. చర్మం ఉబ్బి కంచు రంగుకు తిరుగుతుంది, వేలితో నొక్కితే కింద చిటపటమంటుంది, ఓ రకమైన కుళ్లు వాసన. దాన్ని ముందుగా పసిగట్టేది తరచూ వార్డులోని నర్సే. గాయంలోకి సన్నని రబ్బరు గొట్టాలు పెట్టి రెండేసి గంటలకు డేకిన్ ద్రావణం వదిలే పద్ధతి ఉంటే, ఆ పనీ ఆమెదే. వార్డులో నలభై మంది ఉన్నా రెండు గంటలు రెండు గంటలే.

చావు దగ్గరపడ్డవాళ్ల వార్డు మనకు కఠినంగా అనిపిస్తుంది. అక్కడ సర్జన్ సమయం ఖర్చుపెట్టరు, ఎందుకంటే ఒక్క పొట్ట ఆపరేషన్‌కి పట్టే సమయంలో తక్కువ గాయాలున్న ఇద్దరు ముగ్గురిని కాపాడవచ్చు. నర్సును మాత్రం తీసేయరు. మార్ఫియా, తడిపిన గుడ్డతో పెదవులు, పేరు అడిగి తెలుసుకోవడం, తర్వాత తల్లికో భార్యకో ఉత్తరం. ఆ ఉత్తరాలు రాయడం కూడా సిస్టర్ పనుల్లో ఒకటి.

ఆగస్టు మొదట్లో వచ్చిన ఒక రోగి పేరు చరిత్రలో ఉంది. కెప్టెన్ నోయెల్ చావస్. తనే సైన్యపు డాక్టరు. అంతకుముందు ఏడాదే విక్టోరియా క్రాస్ అందుకున్నాడు. అతని గాయమూ పొట్టలోనే. ఆసుపత్రి అంత దగ్గరగా ఉన్నా, ఆపరేషన్ జరిగినా, ఆగస్టు 4న చనిపోయాడు. ఆ తర్వాత రెండో విక్టోరియా క్రాస్ ప్రకటించారు. త్వరగా కోయడం వల్ల కొందరు బతికారన్నది ఎంత నిజమో, చాలామంది బతకలేదన్నదీ అంతే నిజం.

దగ్గరితనానికి ఇంకో ధర కూడా ఉంది. బ్రాండ్‌హోక్ పక్కనుంచే రైలు మార్గం, సైన్యం నడిచే రోడ్డు. శత్రువు గుండ్లు వాటికోసం వచ్చినా గుడారాల మీద పడతాయి. ఆగస్టు 21న పొరుగునే ఉన్న 44వ నంబరు స్టేషన్‌లో ఒక గుండు పడి నెల్లీ స్పిండ్లర్ అనే నర్సు గాయపడింది, కొద్ది నిమిషాల్లోనే పోయింది. వయసు 26. ఆ రోజే నర్సుల్ని అక్కడి నుంచి తరలించారు. లైసెన్‌టోక్ సైనిక శ్మశానంలో పది వేలకు పైగా మగవాళ్ల మధ్య ఆమె సమాధి ఉంది.

ఆసుపత్రిని అంత ముందుకు తేవడం సరైనదా అంటే, వైద్యపరంగా సరైనదే, చోటు ఎంపిక మాత్రం తప్పు. గంటలు ఆదా చెయ్యాలన్న తొందరలో రైలు పట్టాల పక్కన గుడారం వేయడం ఎవరి నిర్ణయమైనా, దాని ఫలితం అనుభవించింది కదల్లేని రోగులు, వాళ్లను వదలని నర్సులు.

1914-15 నాటి లూయార్డ్ డైరీ 1915లోనే పేరు లేకుండా అచ్చయింది. ఫ్రాన్సులో అంబులెన్సు రైళ్లలో తను చూసుకున్న భారతీయ సైనికుల ప్రస్తావన అందులో ఉంది. బ్రాండ్‌హోక్ ఉత్తరాలు 1930లో ఆమె పేరుతోనే పుస్తకంగా వచ్చాయి.